తవుడు లెక్క దగ్గర మా ఆడిట్ ప్లాన్ మారిపోయింది

మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, ఏటా 50 కోట్ల దాకా టర్నోవర్. 2024-25 ఆర్థిక సంవత్సరం నుంచి దాని స్టాట్యుటరీ ఆడిట్ మా ఫర్మ్‌కి వచ్చింది. నేను సీఏ పాసై రెండేళ్లు. ఆడిట్‌లో పనిచేయడం కొత్త కాదు గానీ ప్లానింగ్ మొత్తం నా చేతికి ఇవ్వడం ఇదే మొదటిసారి. రిస్క్ అసెస్‌మెంట్ అంటే ఒక ఫారం నింపడం అనుకుంటున్న ఆర్టికల్ పిల్లలు, నాలాగే కొత్తగా క్వాలిఫై అయినవాళ్లు చాలామంది ఉన్నారని తెలుసు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పాత ఆడిటర్ గారు వయసు మీదపడి తప్పుకున్నారు. అపాయింట్‌మెంట్ ఒప్పుకునే ముందు ఆయనకు రాతపూర్వకంగా తెలియజేయాలి కదా, ఆగస్టు 22న రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాం. జవాబు రావడానికి 19 రోజులు పట్టింది. అభ్యంతరం లేదని రెండే వాక్యాలు. నేను ఫోన్ చేసి ఇంకేమైనా చెప్తారా అని అడిగితే, కాసేపు ఆగి, "గోడౌన్లు ఒకసారి తిరుగమ్మా" అన్నారు. అంతకుమించి ఏమీ చెప్పలేదు. సెప్టెంబరు 28న ఏజీఎంలో మమ్మల్ని నియమించారు.

డిసెంబరు 16, 17 తేదీల్లో ఆఫీసులోనే కూర్చుని ప్లాన్ తయారుచేశాను. పోయినేడాది బ్యాలెన్స్ షీటు, ట్రయల్ బ్యాలెన్స్, మా ఫర్మ్ టెంప్లేట్ ముందు పెట్టుకుని 11 రిస్కులు రాశాను. అమ్మకాలు ఎక్కువ చూపడం, రాని బాకీలు, తరుగుదల లెక్క, ఇలా. రెండు రోజుల్లో అయిపోయిందని తృప్తిగా కూడా అనిపించింది. 19న మా సీనియర్ పార్ట్‌నర్ సార్ ఫైలు వెనక్కి పంపారు. పైన పెన్సిల్‌తో ఒకే ప్రశ్న రాసి ఉంది: "ఈ మిల్లులో ఉన్న వడ్లు ఎవరివి?"

నాకు జవాబు తెలియదు. ఆ రోజు ఇంటికి వెళ్లేదాకా మనసు బాగోలేదు. 11 రిస్కుల్లో ఒక్కటి కూడా రైస్ మిల్లుకే చెందినది కాదని అప్పుడు గమనించాను. పేరు మారిస్తే సిమెంట్ డీలర్‌కి, మందుల షాపుకి కూడా సరిపోయే కాగితం అది.

ఆడిటింగ్ ప్రమాణం ఎస్‌ఏ 315 ప్రకారం టీమంతా కూర్చుని ఆ కంపెనీ లెక్కల్లో తప్పు ఎక్కడ దొర్లవచ్చో మాట్లాడుకోవాలి. మేం దాన్ని జనవరి 8న పెట్టుకున్నాం. మా ఆర్టికల్స్‌లో ఒక అబ్బాయిది సూర్యాపేట దగ్గర పల్లె, ఇంట్లో వ్యవసాయం. నేను అమ్మకాల గురించి చెప్తుంటే మధ్యలో ఆపి, "మేడం, సీఎంఆర్ ఆడే మిల్లుకు డబ్బు బియ్యంలో ఉండదు, తవుడులో ఉంటది" అన్నాడు. నేను ఆ మాట నోట్ చేసుకున్నాను గానీ దాని బరువు అప్పటికి తెలియలేదు.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఈ మిల్లు రెండు రకాల వడ్లు ఆడుతుంది. ఒకటి, రైతుల దగ్గర తానే కొని, బియ్యం చేసి అమ్ముకునేది. రెండోది, ప్రభుత్వం కొనుగోలు కేంద్రాల్లో కొని మిల్లుకు పంపేది. దాన్నే సీఎంఆర్, అంటే కస్టమ్ మిల్డ్ రైస్ అంటారు. ఆ వడ్లు మిల్లువి కావు. క్వింటాలు వడ్లకు బాయిల్డ్ రైస్ అయితే 68 కిలోలు, మామూలు బియ్యమైతే 67 కిలోలు లెక్కకట్టి ప్రభుత్వానికి తిరిగి ఇవ్వాలి. ఆడించినందుకు ఇచ్చే చార్జీ చాలా తక్కువ. కానీ తవుడు, ఊక మిల్లుకే మిగులుతాయి.

జనవరి 20, సోమవారం మిర్యాలగూడ వెళ్లాం, నేను, ఆ సూర్యాపేట అబ్బాయి. హైదరాబాద్ నుంచి సుమారు 150 కిలోమీటర్లు. రెండు రోజులు అక్కడే ఉన్నాం. వానాకాలం పంట వచ్చి ఉంది కాబట్టి గోడౌన్లు నిండుగా ఉన్నాయి, ఆవరణలో టార్పాలిన్ల కింద కూడా బస్తాలే. మాస్కు తీసుకెళ్లాలని నాకు ఎవరూ చెప్పలేదు. ఊక దుమ్ముకి మూడు రోజులు దగ్గుతూనే ఉన్నాను. వెళ్లేవాళ్లు మంచి మాస్కు, మూసి ఉన్న చెప్పులు తప్పకుండా తీసుకెళ్లండి.

మొదటి రోజు ఆఫీసు గదిలో కూర్చోకూడదని ముందే నిర్ణయించుకున్నాం. వడ్లు ఏ దారిన వస్తాయో ఆ దారినే నడిచాం. గేటు దగ్గర కాంటా. ప్రతి లారీ లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, ఖాళీ అయ్యాక ఒకసారి తూగుతుంది. అక్కడ ఒక పాత కంప్యూటరు, దానికి వరుస నంబర్లతో చీటీ వచ్చే ప్రింటరు. కాంటా మీద కూర్చునే కుర్రాడు చెప్పిన ఒక మాట నాకు చాలా పనికొచ్చింది: బయటికి వెళ్లే సరుకు కూడా కాంటా మీద తూగకుండా గేటు దాటదు. బియ్యం గానీ, తవుడు గానీ, చివరికి బూడిద గానీ.

ఆ కాంటా కంప్యూటరుకీ అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌కీ సంబంధం లేదు. చీటీలు సాయంత్రం అకౌంటెంట్ గారి దగ్గరకు వెళ్తాయి. ఆయన వాటిని చూసి కొనుగోళ్లు, అమ్మకాలు ఎక్కిస్తారు. ఏ చీటీ ఎక్కిందో, ఏది ఎక్కలేదో సరిచూసే మనిషి లేరు. అయిదు చీటీలు తీసుకుని పుస్తకాల దాకా వెంబడిస్తే నాలుగు దొరికాయి. అయిదోది తవుడు లారీ చీటీ. "అది తర్వాత చూద్దాం" అన్నారు. ఆ పూట నేను రెట్టించలేదు, చీటీ నంబరు మాత్రం రాసుకున్నాను.

గోడౌన్లో ఇంకో సంగతి కంటికి కనిపించింది. ప్రభుత్వ వడ్లు గోనె సంచుల్లో, కుట్టి, 40 కిలోల బస్తాలుగా వస్తాయి. మిల్లు సొంతంగా కొనే వడ్లు రైతుల ట్రాక్టర్లలో విడిగా వచ్చి రాశులుగా పడతాయి. అంటే సార్ వేసిన ప్రశ్నకు సగం జవాబు సంచిలోనే ఉంది: బస్తాల్లో ఉన్నది ప్రభుత్వానిది, రాశిలో ఉన్నది కంపెనీది. మిగతా సగమే కష్టం. సంచి కోసి నానబెట్టే తొట్టెలో పోశాక ఏది ఎవరిదో ఇక ఎవరూ చెప్పలేరు. అక్కడి నుంచి రిజిస్టరే ఆధారం.

మధ్యాహ్నం మిల్లు ఆపరేటర్‌తో టీ తాగుతూ మాట్లాడాను. పాతికేళ్లుగా అదే పని. క్వింటాలు వడ్లకు తవుడు ఎంత వస్తుందని అడిగాను. "ఆరు కిలోలకు తక్కువ రాదు మేడం. వడ్లు బాగుంటే ఏడు" అన్నాడు. నేను ఆరు అని రాసుకున్నాను. ఊక సంగతి అడిగితే చాలావరకు బాయిలర్‌లోనే కాలుతుందన్నాడు. అందుకే దాన్ని లెక్కకు కొలబద్దగా వాడుకోలేకపోయాం. తవుడు మాత్రం కాలేది కాదు, దాచుకునేది కాదు. నిల్వ ఉంటే పాడవుతుంది కాబట్టి వచ్చింది వచ్చినట్టు నూనె మిల్లులకు వెళ్లిపోవాల్సిందే.

22న కాగితాల జాబితా మెయిల్ చేశాం: ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా ఆడిన వడ్లు, ఇచ్చిన బియ్యం, తవుడు అమ్మకాలు, బ్యాంకుకు ఇచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్లు. మిల్లు రిజిస్టర్లు వారంలో వచ్చాయి. బ్యాంకు స్టేట్‌మెంట్లకు 23 రోజులు ఆగాల్సి వచ్చింది. నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఏ కాగితం ఆలస్యమవుతుందో అది కూడా రాసిపెట్టుకోమని సార్ చెప్పారు. తర్వాత చూస్తే రెండు పెద్ద రిస్కుల్లో ఒకటి ఆ కాగితంలోనే ఉంది.

డిసెంబరు 31 నాటి స్టేట్‌మెంట్లో వడ్లు 62,000 క్వింటాళ్లు అని ఒకే వరుస. అదే రోజున మిల్లు సొంత రిజిస్టరులో కంపెనీ వడ్లు 24,000, ప్రభుత్వ వడ్లు 38,000. కలిపితే సరిగ్గా 62,000. అకౌంటెంట్ గారిని అడిగితే, బ్యాంకువాళ్లు మొత్తం స్టాకు ఎంతో చెప్పమన్నారు, చెప్పాం అన్నారు. ఆయన మాటలో కపటం నాకు కనిపించలేదు. కానీ కంపెనీది కాని సరుకు మీద అప్పు పరిమితి లెక్కపడుతోందంటే అది చిన్న విషయం కాదు. అయిదు కోట్లకు మించిన వర్కింగ్ క్యాపిటల్ లిమిట్ ఉన్నప్పుడు, బ్యాంకుకిచ్చిన త్రైమాసిక స్టేట్‌మెంట్లు పుస్తకాలతో సరిపోతున్నాయో లేదో, ఆడిట్ రిపోర్టులకు కేంద్రం ఇచ్చిన కారో 2020 ఆదేశం కింద మేం రిపోర్టులో చెప్పాలి. అంతకంటే ముందు, మార్చి 31 నాటి స్టాకులో ప్రభుత్వ వడ్లు కలిసిపోయే ప్రమాదం ఉందని నా కాగితంలో మొదటి వరుసగా రాశాను.

తవుడు లెక్క ఫిబ్రవరి 16, ఆదివారం రాత్రి ఇంట్లో వేశాను. ఆ తొమ్మిది నెలల్లో మిల్లు ఆడిన సొంత వడ్లు 1,10,000 క్వింటాళ్లు, ప్రభుత్వ వడ్లు 70,000. మొత్తం 1,80,000. ఆరు శాతం చొప్పున 10,800 క్వింటాళ్ల తవుడు రావాలి. పుస్తకాల్లో అమ్మినట్టు ఉన్నది 6,700. నాలుగు వేల క్వింటాళ్ల పైన తేడా. మొదట నా ఆరు శాతమే తప్పేమో అనుకుని మళ్లీ మళ్లీ చూశాను. తర్వాత సొంత వడ్లకు మాత్రమే లెక్క వేశాను: 1,10,000లో ఆరు శాతం 6,600. పుస్తకాల్లో ఉన్న అంకెకు దాదాపు సరిపోయింది.

అంటే శాతం తప్పు కాదు. ప్రభుత్వ వడ్ల నుంచి వచ్చిన తవుడు పుస్తకాల్లోకే రాలేదు. 4,200 క్వింటాళ్లు, వాళ్లు బయట అమ్మిన సగటు ధర క్వింటాలుకు 2,000 చొప్పున 84 లక్షలు. పోయినేడాది కంపెనీ లాభం మొత్తం 42 లక్షలు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కనిపెట్టానన్న సంతోషం కంటే, ఇప్పుడు అకౌంటెంట్ గారిని ఎలా అడగాలన్న భయమే ఎక్కువగా ఉంది.

18న వెళ్లి అడిగాను. అకౌంటెంట్ గారు చాలాసేపు కాగితం వైపే చూశారు. "మీరేమన్న అనుమానపడుతున్నరా మేడం? ఇరవై రెండేళ్లు చేసిన ఈడ" అన్నారు. గొంతు వణికింది. నాకు కష్టమనిపించింది. "మీ మీద కాదు సార్, ఈ అంకె ఎక్కడుందో తెలిస్తే చాలు" అన్నాను. అప్పుడు చెప్పారు. సీఎంఆర్ తవుడు మొత్తం మిల్లు యజమాని సేటు గారి తమ్ముడి కొడుకు పేరున ఉన్న ఒక భాగస్వామ్య ఫర్మ్‌కి వెళ్తుంది, లెక్క సీజన్ చివర్లో చూసుకుంటారు, ఎప్పటినుంచో అదే పద్ధతి. కాంటా దగ్గర నేను రాసుకున్న అయిదో చీటీ కూడా ఆ ఫర్మ్ లారీదే.

ఇక్కడ నాకు బాగా గుర్తుండిపోయినది ఒకటుంది. అమ్మకాల్లో మోసపు రిస్కు ఉంటుందని ఎస్‌ఏ 240 ముందే అనుకోమంటుంది. ఆ అలవాటుతో నేను డిసెంబరులో "అమ్మకాలు ఎక్కువ చూపే రిస్కు" అని రాసేశాను. దానికి తగ్గట్టే పుస్తకాల్లో ఉన్న బిల్లులు తీసి వెనక్కి చీటీల దాకా వెళ్లేలా టెస్టు కూడా రాశాను. ఆ టెస్టు వందసార్లు చేసినా ఈ తవుడు దొరికేది కాదు, ఎందుకంటే దానికి బిల్లే లేదు. ఇక్కడ రిస్కు అమ్మకం లోపలికి రాకపోవడం. కాబట్టి కాంటా చీటీ దగ్గర మొదలుపెట్టి పుస్తకాల వైపు నడవాలి. దిశ తప్పితే ఎంత శాంపిల్ తీసినా ఫలితం లేదు. ప్లాన్‌లో ఆ ఒక్క పేరా మూడుసార్లు తిరగరాశాను.

సేటు గారిని మార్చి 4న సార్‌తో కలిసి కలిశాను. ఆయన కోపపడలేదు. ఇంటి ఫర్మే కదా, డబ్బు ఎక్కడికి పోతుందన్నారు. సార్ నెమ్మదిగా, "ఇల్లు ఒకటే సేటు గారూ, కంపెనీ వేరు. దాని మీద బ్యాంకు అప్పుంది" అన్నారు. ఆ తర్వాత గదిలో కాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఎంత తప్పుంటే లెక్కలు చదివేవాళ్లకు తేడా పడుతుందో చెప్పే హద్దు, అదే మెటీరియాలిటీ, దాని దగ్గర కూడా పొరపడ్డాను. టెంప్లేట్‌లో ఉన్నట్టు టర్నోవర్‌లో ఒక శాతం, 50 లక్షలు వేశాను. సార్ మార్చి 7న దాన్ని లాభం పక్కన పెట్టి చూడమన్నారు. లాభం 42 లక్షలు. నేను వేసిన అంకె ప్రకారం కంపెనీ లాభం నుంచి నష్టంలోకి పోయేంత తప్పున్నా పట్టించుకోనక్కర్లేదని అర్థం వస్తుంది. పోనీ లాభంలో అయిదు శాతం అనుకుంటే రెండు లక్షలు, మార్జిన్లు ఇంత పలుచగా ఉన్న వ్యాపారంలో ఏటా తలకిందులయ్యే అంకె. ఈ లెక్కలు ముఖ్యంగా చదివేది బ్యాంకు, అది చూసేది స్టాకు, అమ్మకాలు. చివరికి 20 లక్షల దగ్గర ఆగాం, టర్నోవర్‌లో 0.4 శాతం. మొదటి ఏడాది కాబట్టి, కంట్రోళ్లు బలహీనంగా ఉన్నాయి కాబట్టి టెస్టుల్లో వాడే ఇంకా చిన్న హద్దు, పెర్ఫార్మెన్స్ మెటీరియాలిటీ, అందులో 60 శాతం, 12 లక్షలు. ఆ అంకెకు ఎందుకు వచ్చామో ఒక పేజీ రాశాను. అంకె కంటే ఆ పేజీకే ఎక్కువ సమయం పట్టింది.

స్టాక్ లెక్కింపు తేదీ ఎవరూ ముందు ఆలోచించని చిక్కు తెచ్చింది. మార్చి 12న కేలండర్ చూస్తే 30 ఆదివారం ఉగాది, 31న రంజాన్. ఆ రెండు రోజులూ హమాలీలు రారు, మిల్లు నడవదు. నేను ముందు కంగారుపడ్డాను. ఆపరేటర్‌తో మాట్లాడాక అదే మంచిదైందని తెలిసింది. 29 శనివారం సాయంత్రం మిల్లు ఆపి లెక్కపెడితే, తర్వాత రెండు రోజులు సరుకు కదలదు, కాంటా చివరి చీటీ నంబరు రాసుకుంటే చాలు. మార్చి 31కి మేం మోసుకెళ్లాల్సిన తేడా దాదాపు ఉండదు.

ప్లాన్ నాలుగో వెర్షన్ మీద సార్ మార్చి 21న సంతకం చేశారు. డిసెంబరులో 11 రిస్కులు, ఇందులో ఆరు. సిగ్నిఫికెంట్ అని గుర్తుపెట్టినవి మూడే: స్టాకు ఎవరిది అన్నది, సీఎంఆర్ తవుడు ఆదాయం బంధువుల ఫర్మ్ ద్వారా బయటికి పోవడం, యాజమాన్యం కంట్రోళ్లను దాటి ఎంట్రీలు వేయగలగడం. చివరిది ఏ ఆడిట్‌లోనైనా ఉండాల్సిందే. ప్రారంభ నిల్వల మాట కూడా రాశాం. 2024 ఏప్రిల్ 1 నాటి స్టాకు మేం కళ్లతో చూడలేదు కాబట్టి, పాత సీఎంఆర్ రిజిస్టర్లు, ప్రభుత్వానికి బియ్యం ఇచ్చినప్పటి ఏసీకే రసీదులు పెట్టుకుని వెనక్కి లెక్కకట్టాలి.

సమయం సంగతి దాచను. ప్లానింగ్‌కి 24 గంటలు బడ్జెట్ వేశాను, 71 అయ్యాయి. ఆడిట్ ఫీజు 1,75,000. లాడ్జి, ప్రయాణాలు వేరే. ఈ ఏడాది మా ఫర్మ్‌కి ఇందులో మిగిలేది లేదని సార్‌కి తెలుసు, అయినా ఒక్క మాట అనలేదు. వచ్చే ఏడాది ఫీజు అడగడానికి టైమ్‌షీట్లు జాగ్రత్తగా పెట్టమన్నారు.

29 సాయంత్రం నలుగురం వెళ్లాం. బస్తాలు వరుసలవారీగా లెక్కపెట్టడం తేలికే. విడి వడ్ల రాశికే సమయం పట్టింది. అర మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న చెక్క పెట్టె చేయించాం. దాన్ని వడ్లతో నింపి తూస్తే 71 కిలోలు వచ్చింది, అంటే ఘనపు మీటరుకు 568. టేపుతో రాశి కొలతలు తీసి దాంతో గుణించాం. రాత్రి పదకొండు దాటాక తాళాలు వేసి, కాగితం అంటించి, అకౌంటెంట్ గారు, నేను సంతకాలు చేశాం. వెళ్లేటప్పుడు ఆయన "పండుగ పూట ఇంటికి పోవాలె, జాగ్రత్తగా పోండి మేడం" అన్నారు. ఫిబ్రవరి తర్వాత నాతో ఆయన ముభావంగానే ఉండేవారు, అందుకే ఆ మాట నాకు చాలా అనిపించింది.

ఏప్రిల్ 11న సేటు గారు సార్‌కి ఫోన్ చేశారు. తవుడు బిల్లులు మొత్తం మార్చి తేదీతో వేయిస్తున్నాం, ఇక ఆ రిస్కు తీసేయవచ్చు కదా అని అడిగారట. నేను ఆ వరుస తీయలేదు. పక్కన రెండు పనులు చేర్చాను. ఒకటి, ఆ బిల్లులు సాఫ్ట్‌వేర్‌లో నిజంగా ఏ రోజు ఎక్కాయో ఎడిట్ లాగ్‌లో చూడాలి. రెండు, ఆ ఫర్మ్‌కి వేసిన ధర, అదే వారం బయటి నూనె మిల్లుకు వేసిన ధర పక్కపక్కన పెట్టి చూడాలి. ఫీల్డ్‌వర్క్ జూన్ 2న మొదలవుతుంది.